డబుల్ తల తిప్పగానే హీరో చెంప ఉబ్బుతోంది: త్రీడీ ఫేస్ మోడల్ ఫిట్టింగ్‌లో తేడా ఎక్కడ?

రీలు_బాబ్జీ

మా షార్ట్ ఫిల్మ్‌లో ఒక బైక్ షాట్ ఉంది. హీరోకి బండి రాదు, డబుల్ నడిపాడు. హెల్మెట్ పెట్టేస్తే గొడవే ఉండదు కదా అంటే డైరెక్టర్ వినలేదు, మొహం కనబడాలిట. ఇప్పుడు డబుల్ మొహం మీద హీరో మొహం కూర్చోబెట్టే పని నా నెత్తిన పడింది.

నేను చేస్తున్నది ఇది. హీరో తిన్నగా చూస్తున్న ఫోటో ఒకటి తీసుకుని దానికి బాసెల్ ఫేస్ మోడల్ ఫిట్ చేశాను. ఆ ఫోటోనే మెష్ మీద టెక్స్చర్‌గా కప్పాను. తర్వాత ప్రతి ఫ్రేములో డబుల్ తల ఎంత తిరిగిందో లెక్కగట్టి, హీరో మెష్‌ని అంతే తిప్పి రెండర్ చేస్తున్నాను. డబుల్ తిన్నగా చూసే ఫ్రేములన్నీ చక్కగా ఉన్నాయి. వాడు పక్కకి తిరగడం మొదలెట్టగానే రెండు జబ్బులు. ఒకటి, కెమెరాకి అవతలి వైపు చెంప డబుల్ మొహం గీత దాటి బయటికి ఉబ్బుతోంది. రెండోది, ఇవతలి చెంప మీద చెవి దాకా చర్మం గీతలు గీతలుగా సాగిపోతోంది.

డబ్బిచ్చి చేయించుకునే స్థోమత లేదు. ఎక్కడ వెతకాలో చెప్పండి చాలు.

గోలీసోడా

అవతలి చెంప మాత్రమే వాచిందంటే గవదబిళ్లలు. హీరోని డాక్టర్‌కి చూపించు.

పిక్సెల్_పహిల్వాన్

మొహం మీద 68 పాయింట్లు పెట్టే డిటెక్టర్ వాడుతున్నవా? అదే రోగం. మీడియాపైప్ పెట్టుకో, 468 పాయింట్లు ఇస్తది. పాయింట్లు ఎక్కువైతే చెంప దానంతట అదే కూసుంటది. నేను ఫిల్టర్లన్నీ దాంతోనే చేస్త, ఒక్కనాడు ఉబ్బలే.

త్రికోణాక్షి

పహిల్వాన్ గారూ, ఫిల్టర్ వేరు. అందులో ఎవరి మొహం మీద వాళ్ల మొహమే ఉంటుంది, కొంచెం తేడా వచ్చినా కంటికి ఆనదు. ఇక్కడ ఒకరి తల కోణం ఇంకొకరి మొహానికి ఇవ్వాలి. పాయింట్లు పెంచినంత మాత్రాన కుదరదు.

బాబ్జీ గారూ, డబుల్ తల కోణం ఎలా తీస్తున్నారు? ఆ రెండు లైన్ల కోడ్ పెట్టండి. కెమెరా మ్యాట్రిక్స్‌లో ఫోకల్ లెంగ్త్ ఎంత ఇచ్చారు? హీరో ఫోటో ఎంత దూరం నుంచి తీశారు? చెంప సంగతి ఈ మూడు తెలిశాక చూద్దాం.

రీలు_బాబ్జీ

కోడ్ ఇదిగో.

```
pts3d = hero_mesh[idx68]
ok, rvec, tvec = cv2.solvePnP(pts3d, double_pts68, K, None)
```

ఫోకల్ లెంగ్త్ తెలియకపోతే ఫ్రేము వెడల్పు ఇవ్వమని ఎక్కడో చదివి 1920 ఇచ్చాను. షాట్ తీసింది 50 ఎంఎం లెన్స్‌తో, ఏపీఎస్‌సీ కెమెరా, డబుల్ సుమారు మూడు మీటర్ల దూరంలో ఉన్నాడు. హీరో ఫోటో మాత్రం ఫోన్ సెల్ఫీ. వాడే చెయ్యి చాపి తీసుకుని పంపించాడు.

గోలీసోడా

హీరో సెల్ఫీ పంపితే దాంతో సినిమా తీసే రోజులు వచ్చాయి.

త్రికోణాక్షి

ఇప్పుడు అర్థమైంది. మొదటి లైనులోనే ఉంది విషయం. హీరో మెష్ మీది పాయింట్లు ఇచ్చి, డబుల్ మొహం మీది పాయింట్లకి సరిపెట్టమని solvePnPని అడుగుతున్నారు. హీరో ముక్కు డబుల్ ముక్కు కన్నా పొడుగనుకోండి. డబుల్ ముక్కు కొన పడ్డచోట హీరో ముక్కు కొన పడాలంటే దానికి ఉన్న దారి ఒక్కటే, తలని కాస్త తక్కువ తిప్పడం. ఆకారంలో ఉన్న తేడా అంతా కోణంలోకి వెళ్లిపోతుంది. తిన్నగా చూస్తున్న ఫ్రేములో ముక్కు పొడుగు కనబడదు కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది.

రెండోది దవడ గీత. 68 పాయింట్లలో 0 నుంచి 16 దాకా దవడవి. తల పక్కకి తిరిగినప్పుడు అవతలి వైపు నిజమైన దవడ అంచు చెంప వెనక దాక్కుంటుంది. డిటెక్టర్‌కి అది కనబడదు కాబట్టి కనిపిస్తున్న చెంప అంచు మీద పాయింట్లు పెట్టేస్తుంది. మీ idx68లో ఉన్నవి మాత్రం చెవి దగ్గర మెష్ మీద కదలకుండా ఉండే శీర్షాలు. అవి చెంప అంచు దాకా బయటికి రావాలంటే తల మళ్లీ తక్కువే తిరగాలి. రెండు తప్పులూ ఒకే వైపు లాగుతున్నాయి. డబుల్ ఎంత తిరిగాడో మీ హీరో అంత తిరగడం లేదు, అందుకే అవతలి చెంప బయటికి పొడుచుకొస్తోంది. అది వాపు కాదు, తిరగాల్సిన చెంప తిరగకపోవడం.

సరిచూసుకోవడం తేలిక. బాగా తిరిగిన ఫ్రేము ఒకటి తీసుకుని మూడు రకాలుగా కోణం తీయండి. ఇప్పుడున్న పద్ధతిలో ఒకసారి, దవడ పాయింట్లు తీసేసి 17 నుంచి 67 దాకా ఉన్న 51 పాయింట్లతో ఒకసారి. మూడోసారి అవే 51 పాయింట్లతో, కానీ డబుల్‌కి విడిగా ఫిట్ చేసిన సొంత మెష్‌తో. మూడు యా కోణాలూ, అంటే తల పక్కకి తిరిగిన కోణాలు, ఇక్కడ పెట్టండి.

మనవడు_ముత్యం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఈ పద్ధతితో ఫోటోలో ఉన్న మనిషిని తిన్నగా తిప్పొచ్చా? మా తాతగారిది ఒక్కటే ఫోటో ఉంది, పెళ్లి గుంపులో ఎటో పక్కకి చూస్తుంటాడు. దండ వెయ్యడానికి తిన్నగా చూస్తున్న ఫోటో కావాలని మా అత్తలు గొడవ. స్టూడియో వాడు చేస్తానన్నాడు.

పిక్సెల్_పహిల్వాన్

ఫోన్ గ్యాలరీల రొటేట్ ఉంటది కదా అన్నా.

మనవడు_ముత్యం

తల తిప్పమంటే ఫోటో తిప్పమంటావేంటయ్యా. తాత పడుకుంటాడు.

రోటో_రమణ

ముత్యం గారూ, చెయ్యొచ్చు, కానీ ఆ వచ్చేది సగం తాతే. ఫోటోలో కనబడని వైపు మెష్ మీద ఆకారం ఉంటుంది గానీ దాని మీద కప్పడానికి బొమ్మ ఉండదు. కనిపించే వైపుని అద్దంలోలాగా అటు తిప్పి అతికిస్తారు. చెంప మీద పుట్టుమచ్చ ఉంటే రెండు అవుతాయి. పాపిట నడిమికి వచ్చేస్తుంది. ఎండ ఒక వైపు పడి ఉంటే రెండు వైపులా రెండు సూర్యుళ్లు. ఈ మధ్య ఆ భాగాన్ని నెట్‌వర్క్‌లతో పూరిస్తున్నారు. నునుపుగా వస్తుంది, కానీ అది ఎవరో ఒకరి చెంప, మీ తాతగారిదే అని హామీ లేదు. తల ఎంత తిరిగి ఉంది? రెండు కళ్లూ కనబడుతున్నాయా?

మనవడు_ముత్యం

రెండో కన్ను కొంచెం కనబడుతుంది. ముక్కు అడ్డం.

రోటో_రమణ

అయితే ఆ కన్ను మొత్తం కల్పించాల్సిందే. పక్కకి చూస్తున్న ఫోటోకే మంచి ఫ్రేము కట్టించి దండ వెయ్యండి. అత్తలకి నా పేరు చెప్పకండి.

రీలు_బాబ్జీ

త్రికోణాక్షి గారూ, మీరు చెప్పిన మూడూ చేశాను. ఒకే ఫ్రేము. ఇప్పటి పద్ధతిలో 33 డిగ్రీలు. దవడ తీసేస్తే 39. డబుల్ సొంత మెష్‌తో 43.

అంటే పది డిగ్రీలు! కానీ డబుల్ మెష్‌ని ఫిట్ చేసి కోణం తీసుకున్నాక హీరోని అందులోకి ఎలా ఎక్కించాలి? రెండు మెష్‌లు వేరు కదా.

త్రికోణాక్షి

మెష్ రెండు కాదు, ఒకటే. మోడల్ అందం అక్కడే ఉంది. 1999లో బ్లాంజ్, వెటర్ ఈ పద్ధతి పెట్టినప్పటి నుంచీ లెక్క ఇదే: సగటు మొహం ఒకటి, దానికి మనిషిని బట్టి మారే అంకెలు కొన్ని కలుపుతారు. ఏ మనిషిదైనా ఒకే నంబరు శీర్షం ముక్కు కొనే అవుతుంది. తర్వాత వాళ్లు హావభావాలకి ఇంకో వరస అంకెలు చేర్చారు. 2009లో వచ్చిన బాసెల్ మోడల్‌లో హావభావాలు లేవు, 2017 వెర్షన్‌లో ఉన్నాయి. మీ దగ్గర ఏది ఉందో చూసుకోండి. పాతదైతే డబుల్ కళ్లు చికిలించినప్పుడు, నోరు తెరిచినప్పుడు ఆ తేడా కూడా మనిషి ఆకారంలోకి దూరిపోతుంది.

చెయ్యాల్సింది ఇంతే:

```
S = (mean + A_id @ alpha_hero + A_exp @ beta_double).reshape(-1, 3).T
p = K @ (R_double @ S + t_double)
p = p[:2] / p[2]
```

మనిషి అంకెలు హీరోవి. మిగతావన్నీ, అంటే హావభావం, కోణం, స్థానం, డబుల్‌వి. డబుల్ ఆకారం కోణం కనుక్కోవడానికి మాత్రమే పనికొస్తుంది, ఆ తర్వాత దాన్ని పారేస్తాం.

ఇంకో చిన్న పని ఉంది. మనిషి అంకెలు మార్చగానే కళ్లు రెండు మూడు పిక్సెళ్లు పైకో కిందికో పోతాయి. రెండు కళ్ల మధ్య బిందువు డబుల్‌ది ఎక్కడుందో అక్కడికి హీరో మెష్‌ని జరపండి. కోణం మాత్రం ముట్టుకోకండి.

లేయర్_లక్ష్మణ్

ఇంత చాదస్తం ఎందుకు? 3డీడీఎఫ్ఏ లాంటి నెట్‌వర్క్‌కి ఫ్రేము ఇస్తే కోణం, ఆకారం, హావభావం మూడూ ఒక్క దెబ్బకి ఇస్తుంది. పాయింట్లు, solvePnP ఏవీ అక్కర్లేదు. 2016 నుంచీ ఉంది. ఇంకా చేత్తో ఫిట్ చేసేవాళ్లు ఉన్నారంటే ఆశ్చర్యంగా ఉంది.

త్రికోణాక్షి

లక్ష్మణ్ గారూ, మొదలెట్టడానికి అది మంచిదే, నేనూ వాడతాను. కానీ అది మొహం ముక్కని కత్తిరించుకుని, కెమెరా ఎంతో దూరంలో ఉందనుకుని లెక్కేస్తుంది. దగ్గరగా తీసిన ఫోటోలో ముక్కు పెద్దదవడాన్ని అది లెన్స్ వల్ల అనుకోదు, ఈ మనిషి ముక్కే పెద్దదనుకుంటుంది. పైగా దానికి నేర్పిన 300డబ్ల్యూ-ఎల్‌పీ బొమ్మల్లో పక్కకి తిరిగిన మొహాలు చాలావరకు నిజం ఫోటోలు కావు. తిన్నగా ఉన్నవాటిని ఇదే త్రీడీ పద్ధతిలో తిప్పి తయారుచేసినవి. మనం ఇక్కడ తిట్టుకుంటున్న సాగుడు వాటిలోనూ ఉంది.

లేయర్_లక్ష్మణ్

కొత్తవి అంత ఘోరంగా లేవు. నా అనుభవంలో 40 డిగ్రీల దాకా నెట్‌వర్క్ ఇచ్చిన కోణాన్ని మళ్లీ సరిచేయాల్సిన అవసరం రాలేదు.

రోటో_రమణ

మీది ఫోన్‌లో చూసే వీడియో అయ్యుంటుంది. ప్రొజెక్టర్ మీద వేస్తే రెండు డిగ్రీలు కూడా తెలుస్తాయి. చూపు ఎటో పోతుంది. డబుల్ రోడ్డు చూస్తుంటే హీరో పక్కన పొలం చూస్తుంటాడు.

లేయర్_లక్ష్మణ్

షార్ట్ ఫిల్మ్ అంటున్నాడు కదా, అది చూసేది ఫోన్‌లోనే.

రీలు_బాబ్జీ

డైరెక్టర్‌కి ఈ మాట చెప్పకండి, ఫెస్టివల్ కలలు కంటున్నాడు.

చెంప సంగతి తేలింది. డబుల్ సొంత మెష్‌తో కోణం తీసి హీరో అంకెలు వేస్తే చెంప డబుల్ గీతలోపలే ఉంది. కానీ ఇప్పుడు ముక్కు తేడాగా ఉంది. పక్కకి తిరిగినప్పుడు హీరో ముక్కు మరీ పొడుగ్గా, మొహం సన్నగా, చెవులు లోపలికి పోయినట్టు. మనిషి వాడే, కానీ వాడి అన్నయ్యలాగా ఉన్నాడు.

గోలీసోడా

అన్నయ్యకి బండి వచ్చేమో అడుగు, షాట్ మళ్లీ తీసేయొచ్చు.

త్రికోణాక్షి

ముందే అడిగాను కదా ఎంత దూరం నుంచి తీశారని. చెయ్యి చాపిన సెల్ఫీలో ముక్కు కెమెరాకి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెవులు ఇంకో 12 వెనక, అంటే 47లో. 47ని 35తో భాగిస్తే 1.34. చెవుల దగ్గర ఉన్న దానికన్నా ముక్కు దగ్గర ఉన్నది మూడోవంతు పెద్దదిగా పడుతుంది. మూడు మీటర్ల దూరం నుంచి అదే లెక్క 312 బై 300, అంటే 1.04. దాదాపు ఏమీ లేనట్టే.

ఇప్పుడు ఈ సెల్ఫీకి కెమెరా దూరంగా ఉందనుకుని మోడల్ ఫిట్ చేస్తే ఏమవుతుంది? ఆ మూడోవంతు పెంపు ఎక్కడికో పోవాలి. మనిషి ఆకారంలోకి పోతుంది. పెద్ద ముక్కు, సన్నటి దవడ, వెనక్కి పోయిన చెవులు. తిన్నగా చూస్తే సెల్ఫీకి అచ్చు గుద్దినట్టు సరిపోతుంది, పక్కకి తిప్పితే అన్నయ్య బయటికొస్తాడు.

ఇది జరిగిందో లేదో తెలుసుకోవడానికి హీరో మనిషి అంకెలు ప్రింట్ చేసి చూడండి. వాటిని ప్రామాణిక విచలనాల లెక్కలోకి మార్చుకున్నాక మామూలు మనిషికి అన్నీ రెండు మూడు లోపే ఉంటాయి. మొదటి పదింటిలో ఏదైనా నాలుగు దాటితే ఆకారం కానిదేదో ఆకారంలో దూరిందని అర్థం.

రీలు_బాబ్జీ

మూడో అంకె 4.6. అయిదోది మైనస్ 4.1.

త్రికోణాక్షి

అదే మరి. సెల్ఫీకి నిజమైన ఫోకల్ లెంగ్త్ ఇచ్చి మళ్లీ ఫిట్ చేయండి. ఫోటో ఫైల్లో 35 ఎంఎం సమాన ఫోకల్ లెంగ్త్ రాసి ఉంటుంది. ముందు కెమెరాకి అది 26 అని ఉండి, ఫోటో పొడవు వైపు 4000 పిక్సెళ్లు ఉంటే, 26ని 36తో భాగించి 4000తో గుణించండి. సుమారు 2900 వస్తుంది. కత్తిరించని అసలు ఫోటోనే వాడండి. వాట్సాప్‌లో వచ్చినదైతే సైజు తగ్గి ఉంటుంది, ఆ 2900 కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

షాట్‌కి మీరిచ్చిన 1920 కూడా సరైంది కాదు. ఏపీఎస్‌సీ సెన్సార్ వెడల్పు సుమారు 23.5 ఎంఎం. 50 బై 23.5 ఇంటూ 1920 చేస్తే సుమారు 4100. కానీ ఈ తప్పు అంత బాధించదు. మూడు మీటర్లలో ఉన్న మనిషి ఒకటిన్నర మీటర్లోపు ఉన్నాడని అనుకుంటుంది అంతే. అక్కడ కూడా పెంపు 1.09 కన్నా ఎక్కువ కాదు. అసలు దెబ్బ సెల్ఫీదే.

పిక్సెల్_పహిల్వాన్

నాకో డౌటు. ఈ బాసెల్ మోడల్ ఎవరి మొహాలతోటి చేసిన్రు? మన మొహాలకి పనిచేస్తదా? నేను ఒకసారి ట్రై చేస్తే మా దోస్తు ముక్కు తెల్లోళ్ల ముక్కు లెక్క వచ్చింది.

త్రికోణాక్షి

మంచి ప్రశ్న. 2009 దాంట్లో 200 మంది, వందమంది ఆడవాళ్లు, వందమంది మగవాళ్లు. ఎక్కువమంది యూరప్ వాళ్లే. ఫిట్టింగ్‌లో సగటుకి దగ్గరగా ఉంచమని ఒక బరువు పెడతాం. సమాచారం తక్కువైన చోట మొహం ఆ సగటుకే జారిపోతుంది. ముక్కు రెక్కల వెడల్పు, పెదాల మందం అక్కడే పోతాయి. ఫ్లేమ్ అనే ఇంకో మోడల్‌కి ఆకారం కోసం 3800 తలల స్కాన్లు వాడారు కాబట్టి కొంత నయం. అయినా ఒక్క ఫోటో ఇవ్వడం మానేసి నాలుగైదు కోణాల్లో తీసినవి కలిపి ఫిట్ చేస్తే ఏ మోడలైనా బాగుపడుతుంది.

పిక్సెల్_పహిల్వాన్

మీసం సంగతి చెప్పలే. మా దోస్తుకి గుబురు మీసం. పై పెదవి పాయింట్లు మీసం మీద పడుతున్నయి.

రోటో_రమణ

మీసం ఉన్నవాళ్లకి పై పెదవి పైఅంచు పాయింట్ల బరువు తగ్గించెయ్, లోపలి అంచువి ఉంచు. మోడల్‌లో మీసానికి ఆకారం లేదు, చర్మం మీద రంగులాగా కప్పడమే. 40 డిగ్రీలు తిప్పితే స్కెచ్ పెన్నుతో గీసినట్టు ఉంటుంది. నేనైతే మీసాన్ని విడిగా డబుల్ ఫ్రేము నుంచే ఉంచేస్తాను, వాడికీ అలాంటి మీసం ఉంటే.

రీలు_బాబ్జీ

మా హీరోకీ డబుల్‌కీ నున్నగా గీయించాం, ఆ బాధ లేదు. ఫోకల్ లెంగ్త్ సరిచేశాక అంకెలన్నీ 2.5 లోపలికి వచ్చాయి. అన్నయ్య వెళ్లిపోయి తమ్ముడు వచ్చాడు. ఇక మిగిలింది ఇవతలి చెంప మీద సాగుడు. అది ఏం చేసినా పోవడం లేదు. టెక్స్చర్ రిజల్యూషన్ 4096కి పెంచినా అంతే.

త్రికోణాక్షి

ఫోటోలో లేని వివరం టెక్స్చర్ సైజు పెంచితే రాదు. సెల్ఫీలో చెవి ముందు చర్మం కెమెరాకి దాదాపు వాలుగా ఉంటుంది. అక్కడి చర్మం కెమెరా చూపుకి 75 డిగ్రీలు పక్కకి తిరిగి ఉందనుకుంటే, కోసైన్ 75 అంటే 0.26. తిన్నగా ఉంటే నాలుగు పిక్సెళ్లు పట్టే చర్మం ఒక్క పిక్సెల్లో ఇరుక్కుంది. మీరు తలని 40 డిగ్రీలు తిప్పగానే అదే చర్మం 35 డిగ్రీలకి వస్తుంది, కోసైన్ 0.82. అంటే ఆ ఇరుకు పిక్సెళ్లని మూడింతలకి పైగా సాగదీస్తున్నారు. పైగా చర్మం పక్కనే జుట్టు, వెనక గోడ. మెష్ ఒక్క పిక్సెల్ పక్కకి జరిగినా గోడ రంగు చెంప మీదికి వచ్చి గీతలై సాగుతుంది. మీరు చూస్తున్న గీతల్లో సగం అవే అయ్యుంటాయి. సెల్ఫీ వెనక గోడ ఏం రంగు?

రీలు_బాబ్జీ

ఆకుపచ్చ. అవును, గీతల్లో ఆకుపచ్చ ఛాయ ఉంది! నేను చెట్ల నీడ అనుకున్నాను.

త్రికోణాక్షి

అయితే మొదట చెయ్యాల్సిన పని, 65, 70 డిగ్రీలు దాటిన త్రిభుజాల మీద సెల్ఫీ టెక్స్చర్ వెయ్యొద్దు, ఖాళీగా వదిలెయ్యండి. ఆ ఖాళీని నింపడానికి హీరోని ఇంకో ఫోటో అడగండి, ఈసారి డబుల్ తిరిగినంత, అంటే 40 డిగ్రీల పక్కకి తిరిగి. మీరు తీయండి, వాణ్ణి తీసుకోనివ్వకండి. రెండు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీయాలి. బైక్ షాట్‌లో ఎండ ఎటు నుంచి పడిందో వెలుతురు కూడా అటు నుంచే పడేట్టు బయట నిలబెట్టండి. అప్పుడు రెండు ఫోటోల్లో ఏ శీర్షం ఏ కెమెరాకి తిన్నగా ఉంటే ఆ ఫోటోకి ఎక్కువ బరువిచ్చి కలపొచ్చు. నన్నడిగితే తిరిగిన ఫ్రేములకి సెల్ఫీ వాడనే వద్దు. మోడల్‌తో తిప్పడం పది పదిహేను డిగ్రీల దాకా గొప్పగా ఉంటుంది, ఆ పైన ప్రతి డిగ్రీకీ అప్పు చేస్తున్నట్టే.

లేయర్_లక్ష్మణ్

రొటేట్ అండ్ రెండర్ అని 2020లో ఒక పద్ధతి వచ్చింది. మోడల్‌తో తిప్పాక సాగిన భాగాన్ని నెట్‌వర్క్ సరిచేస్తుంది. కొత్త ఫోటో షూటింగ్ లేకుండా పని అయిపోతుంది.

త్రికోణాక్షి

అవుతుంది. కానీ అది ఒక్కో ఫ్రేముని విడిగా కల్పిస్తుంది. ఈ ఫ్రేములో కల్పించిన చెంప, పక్క ఫ్రేములో కల్పించిన చెంప ఒకటి కాదు. వీడియోలో చర్మం కుతకుత ఉడుకుతున్నట్టు కదులుతుంది. ఒక్క స్టిల్‌కి అయితే నేను మీతోనే.

లేయర్_లక్ష్మణ్

వరస ఫ్రేముల్ని కలిపి చూసేవి కూడా వచ్చాయి. సరే, ఫోటో తీయడం చవక, అది ఒప్పుకుంటాను.

గోలీసోడా

ఇంతకీ హీరో ఒప్పుకున్నాడా ఇలా మొహం అతికించడానికి? డబుల్‌కి తెలుసా? రేపు ఎవరో ఒకరు గొడవ పెట్టుకుంటే? సీరియస్‌గానే అడుగుతున్నా.

రీలు_బాబ్జీ

ఇద్దరి దగ్గరా సంతకాలు తీసుకున్నాం. ఏ షాట్లలో, ఏ సినిమా కోసం అని రాసుకుని. హీరో మెష్, ఫోటోలు సినిమా అయిపోయాక తీసేయాలని వాడే రాయించాడు. డబుల్ మాత్రం టైటిల్స్‌లో పేరు పెద్దగా వెయ్యమన్నాడు.

రోటో_రమణ

వెయ్యండి, న్యాయమే.

ఇంకో మాట. ఒక్కో ఫ్రేముకి డబుల్ ఆకారం మళ్లీ మళ్లీ ఫిట్ చేస్తున్నారా? అలా చేస్తే తల వణుకుతుంది. డబుల్ ఆకారం షాట్ మొత్తానికి ఒక్కటే తీసి బిగించెయ్యండి. ఫ్రేముకి మారేవి కోణం, స్థానం, హావభావం మాత్రమే. అయినా దూరం అంకె వణుకుతూనే ఉంటుంది. మొహం సైజు ఒక పిక్సెల్ మారితే మూడు మీటర్ల దూరంలో మనిషి ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకీ వెనక్కీ ఊగుతాడు. దాన్ని ఫిల్టర్ వేసి నున్నగా చెయ్యండి.

త్రికోణాక్షి

దూరానికి ఫిల్టర్ సరే. కోణానికి వెయ్యొద్దంటాను. బైకు గుంతలో పడ్డప్పుడు డబుల్ తల ఒక్కసారి ఊగుతుంది, ఫిల్టర్ వేసిన మొహం రెండు ఫ్రేములు ఆలస్యంగా ఊగుతుంది. మొహం జారిన ముసుగులా కనబడేది అక్కడే. అన్ని ఫ్రేములూ కలిపి ఒకేసారి లెక్కగట్టి, పక్క ఫ్రేములకి మరీ దూరం పోకుండా చిన్న బరువు పెట్టడం మేలు.

రోటో_రమణ

నేను కోణానికీ వేస్తాను, ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి. అప్పుడు ఆలస్యం రాదు.

త్రికోణాక్షి

ఆలస్యం రాదు, కానీ గుంత దెబ్బ మొద్దుబారిపోతుంది. శరీరం ఎగిరిపడి తల మాత్రం మెత్తగా ఊగితే?

రోటో_రమణ

ఆ నాలుగు ఫ్రేములూ చేత్తో సరిచేస్తాను. అలవాటైన ప్రాణం.

రీలు_బాబ్జీ

రెండూ చేసి చూస్తాను. హీరో ఆదివారం వస్తానన్నాడు ఫోటోలకి. ఇంకొక్కటి అడుగుతాను. డబుల్ గాలికి పళ్లు బయటపెట్టి నవ్విన ఫ్రేములు కొన్ని ఉన్నాయి. మోడల్ నోట్లో ఏమీ లేదు, నల్లగా గుహలా ఉంది. హీరో పళ్లు ఎక్కడి నుంచి తేవాలి?

త్రికోణాక్షి

బాసెల్ మోడల్‌లో పళ్లూ నాలుకా లేవు. పెదాల లోపల అంచుని మాస్క్‌గా కోసి, నోటి లోపలి భాగం డబుల్ ఫ్రేము నుంచే ఉంచండి. హావభావం అంకెలు డబుల్‌వే కాబట్టి నోరు తెరిచిన సైజు దాదాపు కలుస్తుంది.

రోటో_రమణ

హీరో పన్ను మీద పన్ను ఉంటే మాత్రం అభిమానులు పట్టేస్తారు.

రీలు_బాబ్జీ

షార్ట్ ఫిల్మ్ హీరోకి అభిమానులు వాళ్ల అమ్మగారొక్కరే. ఆవిడ పట్టేస్తుంది.

మనవడు_ముత్యం

స్టూడియో వాడు తాత ఫోటో తెచ్చాడు. తిన్నగానే చూస్తున్నాడు. రెండు వైపులా పుట్టుమచ్చ ఉంది. అత్తలు బాగుందంటున్నారు. ఇప్పుడేం చెయ్యాలి?

రోటో_రమణ

ఎడమదా కుడిదా అసలుది? పాత ఫోటో చూసి రెండోది చెరిపెయ్యమనండి, అయిదు నిమిషాల పని.